తూలి పడిరి

పలాసలో స్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక హోటల్లో నేను ఆరేళ్ళు డ్యూటీ మేనేజరుగా పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అంతకు ముందు మా వంశంలో ఎవరూ మరొకరి దగ్గర జీతానికి కుదరలేదు. ఉద్దానంలో మా తాతగారికి ఉండిన కొబ్బరి తోటలు, జీడి తోటలు మా నాన్నగారి కాలంలోనే చేతులు మారాయి. నాకు మిగిలినవి ఇంటిపేరు, ఇంట్లో పండితుడి దగ్గర నేర్చుకున్న తెలుగు, నిటారుగా నిలబడే అలవాటు. హోటలు యజమాని నన్ను పనిలోకి తీసుకున్నది మూడో దాని కోసమేనని తరువాత తెలిసింది. కౌంటరులో నిలబడితే చూడడానికి బాగుంటానని అన్నారట.

యజమానిది జీడిపప్పు ఫ్యాక్టరీ. ఒకసారి విశాఖపట్నంలో పెద్ద హోటల్లో దిగి వచ్చాక, తన హోటలు కూడా అలా నడవాలనుకున్నారు. బాత్‌రూముల్లో పాత గచ్చు తీయించి ముఖం కనిపించేంత నున్నటి టైల్స్ వేయించారు. విశాఖ నుంచి ఒక అనుభవజ్ఞుడిని పిలిపించి మాకు మూడు రోజులు శిక్షణ ఇప్పించారు. ఆయన పోతూ పోతూ ఒక రిజిస్టరు అచ్చు వేయించి ఇచ్చారు. హోటల్లో ఎవరికి ఏ ప్రమాదం జరిగినా అందులో రాయాలి. గది నంబరు, సమయం, ఎవరు ముందు చూశారు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఏ చికిత్స చేశారు, నేల ఎలా ఉంది, వెలుతురు ఉందా, కాలి కింద రబ్బరు మ్యాటు ఉందా, అతిథి కాళ్ళకు ఏముంది, అతిథి ఏం చెప్పారు. చివర అతిథి సంతకం, గది బుక్ చేసిన వారి సంతకం, డ్యూటీ మేనేజరు సంతకం. పేజీలకు నంబర్లున్నాయి. చింపకూడదు, దిద్దకూడదు. తప్పు దొర్లితే కింద కొత్తగా సమయం వేసి మళ్ళీ రాయాలి.

"చూసింది రాయండి. విన్నదైతే ఎవరు చెప్పారో రాయండి. అనుకున్నది మాత్రం రాయకండి," అని ఆయన మూడు రోజుల్లో ఆరుసార్లు చెప్పారు.

ఆయన రైలెక్కాక యజమాని నన్ను పక్కకు పిలిచి, "అంతా రాయండి గానీ, మన మీదికి రాకుండా రాయండి," అన్నారు.

ఈ రెండు మాటలకూ పొసగదని నాకు అప్పుడు తోచలేదు. మంచి భాష తెలిసినవాడికి రెండూ సాధ్యమే అనుకున్నాను.

ఆ ఏడు అక్టోబరులో బాప్టిస్టు సంఘాల వాళ్ళ సమావేశానికి అయిదు గదులు బుక్ అయ్యాయి. బుక్ చేసిన సెక్రటరీ టెక్కలిలో హైస్కూలు మాస్టారు. ఆయనతోపాటు కమిటీ పెద్దలు ముగ్గురు, వజ్రపుకొత్తూరు వైపు ఒక సముద్రపు ఊరి నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. ఆ ఊరి చర్చిలో ఆయనను ఇంకో మూడేళ్ళు ఉంచాలా, మార్చాలా అన్నది మర్నాడు పదకొండు గంటలకు కమిటీ తేల్చాలి. ఈ సంగతి ఆయనే చెప్పారు, తాళం తీసుకుంటూ.

"పెద్ద సదువు లేదు బాబూ నాకు. బైబిలు కాలేజీ మెట్టు ఎక్కనేదు. వలలాగినోడు పాస్టరేటి అని ఇద్దరు ముగ్గురు అంటన్నారు. సూడాల."

తరువాత నా ముఖం కేసి కాసేపు చూసి, మా ఇంటిపేరు అడిగి తెలుసుకున్నారు.

"అదీ, అనుకున్నాను. మీ తాతగారి తోటల్లో మా నాయన కాయలు దింపీవోడు. ఆ నిలబడీది సూసీసరికి తెలిసిపోనాది."

మిగతా నలుగురికి వీధి వైపు గదులిచ్చి, ఆయనకు రెండో అంతస్తులో గాలి వచ్చే గది ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకు తెలుసు. పలాసలో మా తాతగారిని తలచిన మనిషి కనిపించి అప్పటికి చాలా కాలమైంది.

మర్నాడు నా డ్యూటీ ఉదయం ఆరుకు. ఏడుకు పది నిమిషాలుందనగా గదులు శుభ్రం చేసే ఆవిడ మెట్ల మీద నుంచి కేకేసింది. పాస్టరుగారి గదిలో ఏదో పడిన చప్పుడైందట, తలుపు కొడితే పలకడం లేదట. నేను మాస్టరు తాళం తీసుకుని వెళ్ళాను. రెండుసార్లు తలుపు తట్టి, నేనెవరో చెప్పి, తీశాను. బాత్‌రూము తలుపు ఆయనే లోపలి నుంచి గడియ తీశారు. నడుముకు తుండు చుట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నారు. బకెట్టు ఒరిగి ఉంది.

శిక్షణలో చెప్పినట్టే చేశాను. చెయ్యి పట్టి లేపలేదు. తలకు తగిలిందా, కళ్ళు తిరుగుతున్నాయా, కాళ్ళు కదులుతున్నాయా అని అడిగాను. తలకు తగల్లేదన్నారు. కుర్చీ తెప్పించి, దాని ఆసరాతో ఆయన అంతట ఆయనే లేచేలా చూశాను. తువ్వాలులో ఐసు చుట్టి మణికట్టు మీద పెట్టి, అట్టముక్క కట్టి, సెక్రటరీని తోడిచ్చి హోటలు జీపులో కాశీబుగ్గలో ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. అంతవరకు నా పనిలో వంక లేదు.

తరువాత కౌంటరులో కూర్చుని రిజిస్టరు తెరిచాను. అచ్చు ఇంగ్లీషులో ఉన్నా యజమాని చదివేది తెలుగే కాబట్టి తెలుగులో రాసేవాళ్ళం. 'జరిగిన విషయము' అన్న చోట ఇలా రాశాను: 'అతిథి స్నానము చేయుచు తూలి పడిరి. ఎడమ మణికట్టునకు గాయము.' నేల పరిస్థితి: సాధారణము. వెలుతురు: ఉన్నది. రబ్బరు మ్యాటు: ఆ గడిలో ఒక గీత గీశాను. చదువుకుని చూస్తే బాగుంది. పొల్లు మాట లేదు.

ఎనిమిదిన్నరకు సెక్రటరీ తిరిగి వచ్చారు. ఎముక చిట్లింది, డాక్టరు కట్టు వేస్తున్నాడు, గంటలో పంపుతారు అని చెప్పారు. బుక్ చేసిన వారి సంతకం కావాలని నేను రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని టిఫిన్ల హాలులోకి తీసుకుపోయారు. అక్కడ కమిటీ పెద్దలు ముగ్గురూ ఇడ్లీ తింటున్నారు. ఆయన మాస్టారు కదా, పైకి చదవడం అలవాటు. కౌంటరు దాకా వినబడేలా చదివారు.

వాళ్ళలో లావుపాటి ఆయన చెంచా కింద పెట్టి, "తూలినాడటేటి?" అన్నాడు.

"అలాగే రాసి ఉంది," అన్నారు సెక్రటరీ.

"పొద్దున్న ఏడు గంటలకా?"

"రాత్రిది దిగకపోతే పొద్దున్నే తూల్తారు," అన్నాడు ఆయన పక్కనున్న ఇంకో పెద్ద. "పాత అలవాటు మావా. ఎక్కడికి పోద్ది."

సెక్రటరీ సంతకం చేయకుండానే రిజిస్టరు తెచ్చి కౌంటరు మీద పెట్టారు. "మేనేజరుగారూ, మీరు బాధ్యత గల మనిషి. చూడకుండా రాయరు కదా," అన్నారు. రాయనని నేను తలూపాను. ఆ తలూపడం అప్పుడు మర్యాదగా అనిపించింది.

తొమ్మిదిన్నరకు పాస్టరుగారు జీపు దిగారు. మోచేతి దాకా తెల్లటి కట్టు, మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి వేలాడుతోంది. హాలు ముందు నుంచి వస్తుంటే పెద్దలు ముగ్గురూ ఆయన ముఖం వైపు కాక కాళ్ళ వైపు చూశారు. అది ఆయన కనిపెట్టారు. సెక్రటరీతో రెండు మాటలు మాట్లాడి నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చారు.

"బాబూ, నాను తూలినానా?"

గొంతు పెంచలేదు. నేను లేచి నిలబడ్డాను.

"తూలడమంటే పట్టు తప్పడం. నిఘంటువులో అర్థం అదే. అందులో తప్పు లేదు."

"పుస్తకంలో ఉంటాదేమో బాబూ. మా ఊర్లో తూలీది సారాకొట్టు కాడే."

నేను రిజిస్టరు మూశాను.

"మా నాయన తూలీవోడు. మీ తోటల్లో కాయలు దింపి, ఆ డబ్బుల్తో సీదా కొట్టుకెల్పోయి, తూలుకుంటూ ఇంటికొచ్చీవోడు. నానూ తూలినాను, ఇరవై ఐదేళ్ళొచ్చీదాకా. ఆ మాటేటో మీకన్నా నాకే బాగా తెలుసు. మానీసి ముప్పై ఆరేళ్ళయినాది. ఈ ముప్పై ఆరేళ్ళలో ఎవుడూ నన్ను ఆ మాటనలేదు. మీరు రాసీసినారు, పైన నంబరేసి మరీ."

"నేను ఆ అర్థంతో రాయలేదు."

"తెలుసు. ఆల్లకి తెల్దు కదా. పదకొండింటికి ఆల్లు ఓటు సీటీలు రాసుకుని కూకుంటారు."

ఆయన ఆ పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. నేను రిజిస్టరు మళ్ళీ తెరిచి చదివాను. ఇందాక బాగున్న వాక్యమే. నేను ఆయన పడడం చూడలేదు. ఎవరూ చూడలేదు. పడిన తరువాత కూర్చుని ఉండడం చూశాను. ఎలా పడ్డారని ఆయనను అడగనైనా లేదు. తలకు తగిలిందా అని అడిగాను, నేల గురించి అడగలేదు. అడిగితే నేల గురించి చెబుతారు కనుక.

అది ఒప్పుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. తరువాత పైకి వెళ్ళాను. గదులు శుభ్రం చేసే ఆవిడ ఆ గది బాత్‌రూము గుమ్మంలో నిలబడి ఉంది. మంచినీళ్ళపేట మనిషి. మొగుడికి కిడ్నీ జబ్బు. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తుంది. ఆమె నన్ను చూసి ముందే మొదలుపెట్టింది.

"నానేటీ సెయ్యలేదు బాబూ."

"ఇక్కడ మ్యాటు ఏమైంది?"

"మీరే కదా తియ్యమన్నారు."

నిజమే. ముందురోజు మధ్యాహ్నం డ్యూటీ దిగేముందు గదులు తనిఖీ చేస్తూ, రెండో అంతస్తు మ్యాట్లన్నీ అడుగున పాకుడు పట్టి నల్లబడ్డాయని, తీసి బ్రష్షుతో కడిగి డాబా మీద ఆరేయమని చెప్పాను. అలాంటి మ్యాటు మీద అతిథి కాలు పెట్టడం మన పరువుకు తక్కువ అని కూడా అన్నాను.

"సాయంత్రం మళ్ళీ వేయమన్నాను కదా."

"వానొచ్చీసినాది కదా బాబూ. తడి మ్యాట్లేత్తే ఇంకా జారతాయి. ఆరినాక ఏద్దామని ఊరుకున్నాను. సాయంత్రం మీరు లేరు. సాయంత్రం డ్యూటీ బాబుని అడిగితే మేనేజరుగారొచ్చీదాకా ఉండనీ అన్నాడు." తరువాత గొంతు తగ్గించి, "నా పేరు రాసీకండి," అంది.

నేను చెప్పులు విడిచి ఆ టైల్సు మీద కాలు పెట్టి చూశాను. నీళ్ళు ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. మడమ కొద్దిగా జరిగింది. నేను గోడ పట్టుకున్నాను. గోడకు పట్టుకోవడానికి ఏమీ లేదు, అదీ టైల్సే.

కిందికి వచ్చి పాస్టరుగారి ఎదురుగా కూర్చుని, రాసుకోవడానికి కాగితం తీసి, మొదటే అడగవలసింది అడిగాను. ఎలా పడ్డారు?

"సబ్బు రాసుకుని నీల్లు పోసుకున్నాను. మగ్గు కోసమని వొంగినాను. కాలు కింద నేల లేదు బాబూ, అంతే. సముద్రంలో పడవ మీద ముప్పై ఏళ్ళు నిలబడినాను, ఎప్పుడూ పడలేదు. మీ బాత్‌రూములో పడ్డాను."

"కాలికి చెప్పులున్నాయా?"

"సెప్పులేసుకుని తానం సేత్తారేటి?"

పది దాటి ఇరవై నిమిషాలకు, మొదటి నివేదిక కింద, కొత్త సమయం వేసి రాశాను. అది నాకిప్పటికీ దాదాపు గుర్తుంది.

'పై నివేదికలో తూలి అను మాట నాది. అతిథి పడుట నేను చూడలేదు. మరెవరును చూడలేదు. సబ్బు నీటిలో మగ్గు కొరకు వంగగా కాలు జారినదని అతిథి చెప్పిరి. నేల నున్నని టైల్సు, తడిగా నున్నది. రబ్బరు మ్యాటు లేదు. ముందురోజు మ్యాట్లు కడుగుటకై తీయించినది నేనే. వర్షము వలన అవి ఆరలేదు. ఆరనిచో ఏమి చేయవలెనో నేను చెప్పియుండలేదు. పట్టుకొనుటకు గోడకు కమ్మీ లేదు. అతిథి వద్ద మద్యము వాసన నాకు తగులలేదు. నేను రెండడుగుల దూరములో నుంటిని. అతిథి స్పష్టముగా మాటలాడిరి. ఈ పొరపాటు నాది.'

ఆమె పేరు రాయలేదు. తీయించినది నేనేనని రాశాక తీసినవారి పేరుతో పనిలేదు.

పాస్టరుగారికి రెండు నివేదికలూ చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"బాగుంది. ఒక్క మాట. ఆ 'చెప్పిరి', 'పడిరి' తీసీలేరా? పడిరి అంటే యుద్ధంలో పడిపోనట్టుంది. ఆల్లు సచ్చిపోనాననుకుంటారు."

"దిద్దకూడదు. మూడోసారి కింద రాయవలసి వస్తుంది."

"వద్దులెండి. ఉండనీండి." కుడిచేత్తో సంతకం చేశారు. పెద్దగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా.

రిజిస్టరు కౌంటరు దాటి వెళ్ళకూడదని నియమం; ఇందాక సెక్రటరీ హాలులోకి తీసుకుపోతుంటే నేను ఆపలేదు. ఈసారి పెద్దలనే కౌంటరు దగ్గరికి రమ్మని కబురు పెట్టాను. నలుగురూ వచ్చారు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. నేను నిలబడి రెండో నివేదిక మొదటి నుంచి చివరి దాకా చదివాను. పాస్టరుగారు పక్కనే బల్ల మీద ఉన్నారు. మా తాతగారి తోటల్లో కాయలు దింపిన మనిషి కొడుకు వింటూండగా, నలుగురు బయటివాళ్ళ ముందు, 'ఈ పొరపాటు నాది' అన్న మాట నా నోటితో పలికాను.

లావుపాటి ఆయన అడిగాడు: "మరి ముందు తూలినాడని ఎందుకు రాసినారు?"

"పాత తెలుగులో ఆ మాటకు తాగుడుతో సంబంధం లేదు."

"ఇప్పుడు ఉందా?"

"ఉంది. నాకు తెలిసి ఉండవలసింది. ఇంకొక సంగతి. అలా రాస్తే మ్యాటు గురించి రాయనవసరం లేకపోయింది."

సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇందాక చూడకుండా రాయరు కదా అంటే తలూపారు."

"ఊపాను. అదీ తప్పే."

"అది రాయలేదే?"

"రాయలేదు," అని కుర్చీ లాక్కుని కూర్చుని, దాని కింద ఇంకో సమయం వేసి అదీ రాశాను. ఆయన అంతసేపూ నిలబడి చూసి, తరువాత సంతకం చేశారు. నలుగురూ పై అంతస్తుకు వెళ్ళారు. పదకొండుకు తలుపులు వేసుకున్నారు.

యజమానికి నేనే ఫోను చేసి మొత్తం చదివాను.

"మన మీదికి రాకుండా రాయమన్నాను కదండీ."

"మొదట అలాగే రాశానండి. వేరేవాళ్ళ మీదికి వెళ్ళింది."

"కమ్మీ లేదని కూడా రాశారా?"

"లేదు కనుక రాశానండి."

"మీరు చాలా నిటారు మనిషండీ," అని ఫోను పెట్టేశారు. అది మెప్పు కాదని అర్థమైంది. నెలాఖరు దాకా నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియలేదు. ఉంది. కమ్మీలు బిగించడానికి వచ్చిన మనిషి కొత్త టైల్సు మూడు పగలగొట్టాడు. దాన్ని కూడా రిజిస్టరులో రాయమంటారా అని యజమాని నన్ను అడిగారు. అది ప్రమాదం కాదు, పని అని చెప్పాను.

ఆ రోజు ఒంటిగంటన్నరకు పాస్టరుగారు సంచి భుజానికి తగిలించుకుని దిగి వచ్చి తాళం ఇచ్చారు.

"ఏమైందండీ?"

"మూడేళ్ళు కాదు, ఏడాది ఉంచినారు. తరవాత సూత్తారట. నలుగురిలో ఇద్దరు ఇంకా నా పక్కన కూకుని వాసన సూత్తన్నారు." కట్టు వేసిన చెయ్యి కాస్త పైకెత్తి సర్దుకున్నారు. "ఒకసారి ఇనీసిన మాట కదా బాబూ."

"రెండోది కూడా విన్నారు కదండీ."

"ఇన్నారు. అందుకే ఏడాది. అది లేపోతే ఈ పూటే ఎల్లిపోమందురు."

రెండో నివేదికకు నకలు కావాలన్నారు. ఊళ్ళో ఎవరైనా అడిగితే చూపించాలట. ఒకే పేజీ మీద పైన మొదటిది, కింద రెండోది, ఆ కింద నా మూడోది ఉన్నాయి. పేజీ మొత్తం జిరాక్సు తీయించి హోటలు ముద్ర వేసి ఇచ్చాను. ఆయన దాన్ని కౌంటరు మీద పరిచి, మొదటి నివేదిక దగ్గర అడ్డంగా మడిచి, గోరుతో గట్టిగా రుద్ది, కత్తెర అడిగారు.

రిజిస్టరులోది కత్తిరించకూడదు. జిరాక్సు గురించి నియమం ఏమీ లేదు. ఆయనకు ఒక చెయ్యే పనిచేస్తోంది కాబట్టి కాగితం నేను పట్టుకున్నాను, ఆయన కత్తిరించారు. పైముక్క నా చేతిలో ఉండిపోయింది. కిందముక్క నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, వజ్రపుకొత్తూరు బస్సు ఎన్నింటికని అడిగారు. రెండింటికని చెప్పాను. ఒంటి చేత్తో సంచి మోసుకుంటూ గేటు దాటి వెళ్ళారు. నేను కౌంటరు వదిలి బయటికి వచ్చి, సంచి అందుకుని, బస్టాండు దాకా ఆయన పక్కన నడిచాను. అతిథుల సామాను మోయడం అదే నాకు మొదటిసారి.